పాలసీ పోర్ట్ చేస్తే ఇప్పటిదాకా గడిచిన వెయిటింగ్ పీరియడ్ ఏమవుతుంది?

ప్రశ్న: 2024 నవంబర్ 10న 5 లక్షల హెల్త్ పాలసీ తీసుకున్నాను. షుగర్ అప్పటికే ఉంది, ఫారంలో రాశాను. పోయినేడాది రెన్యువల్‌లో మా ఆవిడని కూడా కలిపాను. క్లెయిమ్ ఒక్కటీ పెట్టలేదు, ఈ నవంబర్‌కి బోనస్ లక్ష అవుతుంది. మా ఊళ్ళో ఈ కంపెనీకి నెట్‌వర్క్ ఆసుపత్రి లేదు, అందుకే వేరే కంపెనీలో 10 లక్షలకు మారదామని ఉంది. షుగర్‌కి మళ్ళీ మూడేళ్ళు మొదటినుంచి లెక్కా? ‘పోర్టింగ్ లేటవుతుంది, ఆన్‌లైన్‌లో కొత్తది తీసేసుకోండి, రెండూ ఒకటే’ అంటున్నాడు ఏజెంటు. నిజమేనా?

జవాబు:

రెండూ ఒకటి కాదండీ. కొత్త పాలసీ తీసుకుంటే షుగర్‌కి క్లెయిమ్ రాకుండా ఆగాల్సిన వెయిటింగ్ మూడేళ్ళు మొదటినుంచే. పోర్ట్ చేస్తే, అంటే పాత పాలసీనే కొత్త కంపెనీకి మార్చుకుంటే, మీరు గడిపిన 24 నెలలూ లెక్కలోకి వస్తాయి. కొత్త కంపెనీలో పాత జబ్బులకు 36 నెలల గడువుంటే మీకు మిగిలేది 12 నెలలే. అయితే ఆ క్రెడిట్ 6 లక్షల వరకే. మీ 5 లక్షలు, లక్ష బోనస్ కలిపి అంత. పైన పెంచుకుంటున్న 4 లక్షలకు షుగర్ వెయిటింగ్ కొత్తగా మొదలవుతుంది.

నేను పదకొండేళ్ళు ఒక జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీ విజయవాడ బ్రాంచిలో పాలసీలు జారీ చేసే టేబుల్ మీద పనిచేశాను. ఇప్పుడు నా దగ్గరికొచ్చే పాలసీదారుల పోర్టింగ్, క్లెయిమ్ కాగితాలు చూస్తున్నాను. క్రెడిట్ పోయినవాళ్ళలో ఎక్కువమందికి రూల్ అడ్డం రాలేదు, కాగితం మీద ఒక తేదీ తప్పు పడటం వల్ల పోయింది. అందుకే మీ లెక్కతో పాటు ఆ తేదీ సంగతి కూడా వివరంగా రాస్తున్నాను.

ముందు మీ లెక్క

పోర్టింగ్‌లో పాత కంపెనీ నుంచి కొత్త కంపెనీకి వెళ్ళేది మీరు కవర్‌లో ఉన్న కాలం మాత్రమే. పాత పాలసీలోని షరతులు రావు. కొత్త పాలసీలో ఏ జబ్బుకు ఎంత గడువుందో చూసి, అందులోంచి మీరు గడిపిన నెలలు తీసెయ్యాలి. 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనల ప్రకారం పాత జబ్బులకు ఏ కంపెనీ అయినా 36 నెలలకు మించి వెయిటింగ్ పెట్టకూడదు, అంతకుముందు 48 నెలల దాకా పెట్టేవాళ్ళు. తక్కువ పెట్టుకోవచ్చు. మీరు చూస్తున్న కొత్త పాలసీలో 24 నెలలే ఉందనుకోండి, మీవి 24 గడిచిపోయాయి కాబట్టి ఆ 6 లక్షల మీద నవంబర్ 10 నుంచే షుగర్‌కి కవర్ వచ్చేస్తుంది. కంపెనీని ఎంచుకునేటప్పుడు ప్రీమియం పక్కన ఈ ఒక్క అంకె కూడా చూడండి. మీకు దాని విలువ ఒక ఏడాది.

36 నెలలదే తీసుకున్నారనుకుని చెబుతాను. షుగర్ వల్ల కాలికి పుండు పడో, కిడ్నీ సమస్య వచ్చో 2027 జూన్‌లో ఆసుపత్రిలో చేరితే క్లెయిమ్ రాదు, గడిచింది 31 నెలలే కాబట్టి. అదే 2027 డిసెంబర్‌లో అయితే 6 లక్షల వరకు వస్తుంది. బిల్లు 8 లక్షలైతే మిగతా 2 లక్షలు మీవే. పూర్తి 10 లక్షలూ షుగర్‌కి పనికొచ్చేది 2029 నవంబర్ 10 నుంచి.

హెర్నియా, కంటి శుక్లాలు, పిత్తాశయంలో రాళ్ళు, మోకాలి మార్పిడి లాంటివాటికి పాత జబ్బు ఉన్నా లేకపోయినా విడిగా ఒక వెయిటింగ్ ఉంటుంది. ఎక్కువ పాలసీల్లో అది 24 నెలలు. మీకు అది ఈ నవంబర్‌తో అయిపోతుంది. 2027 జనవరిలో హెర్నియా ఆపరేషన్ చేయించుకున్నా 6 లక్షల వరకు ఇవ్వాలి.

మొదటి 30 రోజుల వెయిటింగ్ కూడా 6 లక్షలకు ఉండదు, పెంచిన 4 లక్షలకు ఉంటుంది. అంటే పాలసీ మారిన పదో రోజున డెంగీతో చేరితే 6 లక్షల కవర్, నలభయ్యో రోజున చేరితే 10 లక్షల కవర్. ప్రమాదాలకు మొదటి రోజునుంచే మొత్తం 10 లక్షలూ.

ఇక మీ ఆవిడ. ఆమె కవర్‌లోకి వచ్చింది 2025 నవంబర్‌లో. క్రెడిట్ పాలసీకి రాదు, ఒక్కో మనిషికి విడివిడిగా వస్తుంది. ఆమెకు గడిచింది 12 నెలలే. మీకు హెర్నియాకి క్లెయిమ్ వచ్చే రోజున ఆమెకు పిత్తాశయ రాళ్ళకు రాదు, 2027 నవంబర్ దాకా ఆగాలి. ఇంటివాళ్ళందరికీ కలిపి ఉండే ఒకే ఫ్లోటర్ పాలసీలో ఉన్నాం కదా, ఇద్దరికీ ఒకటే అనుకుని ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్ దగ్గర బిక్కమొహం వేసినవాళ్ళని చాలామందిని చూశాను. ఆమెకు ఎన్ని నెలలు, ఎంత మొత్తం వరకు క్రెడిట్ ఇస్తున్నారో విడిగా రాయించుకోండి.

మీరు పిల్లల కోసం చూస్తున్నట్లయితే ఇంకో మాట. పాత పాలసీలో ప్రసూతి కవర్ లేకపోతే, కొత్తదాంట్లో ఉన్న ప్రసూతి వెయిటింగ్ పూర్తిగా గడపాల్సిందే. పాతదాంట్లో లేనిదానికి గడిచిన కాలం అంటూ ఉండదు కదా.

ఎప్పుడు మొదలుపెట్టాలి

పాలసీ పత్రాల్లో ఉండే పోర్టబిలిటీ క్లాజు ప్రకారం రెన్యువల్ తేదీకి 60 రోజుల ముందుకన్నా తొందరగా కాకుండా, 45 రోజులకన్నా ఆలస్యం కాకుండా దరఖాస్తు పెట్టాలి. మీ రెన్యువల్ నవంబర్ 10. అంటే సెప్టెంబర్ 11 నుంచి సెప్టెంబర్ 26 మధ్య. 45 రోజులు దాటాక కూడా తీసుకునే కంపెనీలున్నాయి, కానీ అప్పుడు అది వాళ్ళ ఇష్టం మీద ఆధారపడుతుంది. ఆ స్థితి తెచ్చుకోకండి. పాలసీ మధ్యలో పోర్టింగ్ ఉండదు. రెండేళ్ళకో మూడేళ్ళకో ఒకేసారి ప్రీమియం కట్టినవాళ్ళు ఆ గడువు పూర్తయ్యేదాకా ఆగాలి.

దరఖాస్తు పెట్టేది కొత్త కంపెనీకి. పాత కంపెనీని అనుమతి అడగనక్కర్లేదు. ప్రపోజల్ ఫారంతో పాటు పోర్టబిలిటీ ఫారం నింపాలి. ఆ రెండో ఫారం మీ చేత ఎవరూ నింపించలేదంటే అక్కడే అనుమానించండి. దాంతో కొత్త కంపెనీ ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో పోర్టల్ ద్వారా మీ పాత కంపెనీని వివరాలడుగుతుంది. 2024 మేలో వచ్చిన ఐఆర్‌డీఏఐ మాస్టర్ సర్క్యులర్ ప్రకారం పాత కంపెనీ 72 గంటల్లో వివరాలివ్వాలి, అవి అందాక కొత్త కంపెనీ 5 రోజుల్లో ఔనో కాదో చెప్పాలి. ఏజెంటు ‘లేటవుతుంది’ అంటున్నది దీని గురించే. లెక్క ప్రకారం వారం పది రోజుల పని. వైద్య పరీక్షలు అడిగితే ఇంకాస్త పడుతుంది. సెప్టెంబర్‌లో మొదలుపెట్టినవాడికి అది పెద్ద విషయమే కాదు.

పోర్టింగ్‌కి విడిగా ఫీజు లేదు. ఎవరైనా అడిగితే ఇవ్వకండి.

ఏజెంటు చెప్పిన ‘రెండూ ఒకటే’ గురించి

ఈ మాట వల్ల నష్టపోయిన ఒక దంపతుల ఫైలు నా చేతులమీదుగా వెళ్ళింది. తెనాలివాళ్ళు, ఆయనకి అరవై దాటాయి. ఆరేళ్ళ పాత పాలసీ ఉంది, వెయిటింగులన్నీ అయిపోయాయి. ప్రీమియం ఎక్కువైందని ఇంకో కంపెనీకి మారారు. ‘పోర్ట్ చేశాను’ అనే చెప్పాడు వాళ్ళకు తెలిసిన ఏజెంటు. ఏడో నెలలో ఆయన కంటి శుక్లాల ఆపరేషన్‌కి వెళ్తే క్యాష్‌లెస్ తిరస్కరించారు. కారణం: 24 నెలల వెయిటింగ్ పూర్తి కాలేదు.

నా దగ్గరికి వచ్చినప్పుడు పాలసీ వివరాలుండే షెడ్యూల్ తీయించాను. మొదటి పేజీలో పాలసీ రకం దగ్గర ‘న్యూ’ అని ఉంది. మునుపటి కంపెనీ పేరు ఉండాల్సిన చోట గీత. ప్రపోజల్ ఫారం కాపీ తెప్పిస్తే, ‘మీకు ఇదివరకు హెల్త్ పాలసీ ఉందా’ అన్న ప్రశ్నకు ‘లేదు’ అని టిక్ ఉంది, ఆయన ఫోన్‌కి వచ్చిన ఓటీపీతో ఆమోదం అయ్యింది. ఓటీపీ చెప్పింది ఆయనే. కంపెనీకి రాశాం, అంబుడ్స్‌మన్ దాకా వెళ్ళాం. పోర్టబిలిటీ దరఖాస్తే రానప్పుడు పోర్ట్ చేయలేదని కంపెనీని తప్పుపట్టడం కుదరలేదు. మా చేతిలో ఉన్నదల్లా ఏజెంటు పంపిన ఒక వాట్సాప్ మెసేజ్. పాత పాలసీ అప్పటికి ఏడు నెలల కిందటే ముగిసిపోయింది, దాన్ని బతికించే దారి లేదు. ఆరేళ్ళ క్రెడిట్ మొత్తం పోయింది. ఆపరేషన్ డబ్బులు పెట్టుకుని చేయించుకున్నారు. ఆ డబ్బు సంగతి అలా ఉంచితే, ఆయనకున్న బీపీకి ఆ వయసులో మళ్ళీ వెయిటింగ్ మొదలైంది. నాకు ఇప్పటికీ బాధ అదే.

ఆన్‌లైన్‌లో కొత్త పాలసీ పది నిమిషాల్లో వచ్చేస్తుంది. పోర్టింగ్‌కి ఫారాలు, పాత షెడ్యూళ్ళు, ఫోన్లు. తొందరలో ఉన్న ఏజెంటు మొదటిదాని వైపే లాగుతాడు. మీ ఏజెంటు మంచివాడే కావచ్చు, కానీ ఆ మాట మాత్రం తప్పు.

తేదీ ఎక్కడ తప్పిపోతుంది

సరిగ్గా పోర్ట్ చేసినా క్రెడిట్ తగ్గిపోయే చోటు ఒకటుంది, మీ విషయంలో దానికి ఆస్కారం ఎక్కువ. పోయినేడాది మీ ఆవిడని కలిపినప్పుడు ఒక్కరి పాలసీ కాస్తా ఫ్లోటర్ అయ్యింది. చాలా కంపెనీల్లో అలాంటప్పుడు పాలసీ నంబరు మారుతుంది. కొత్త కంపెనీవాళ్ళు ఆ కొత్త నంబరుతో వెతికితే మొదలైన తేదీ 2025 నవంబర్ 10 అని కనిపించవచ్చు. అప్పుడు మీకు కూడా 12 నెలల క్రెడిట్టే ఇస్తారు. ఎవరూ మోసం చేయలేదు, కంప్యూటర్‌లో ఉన్నది చూసి రాశారు. కానీ మీకు పోయేది ఒక ఏడాది.

అందుకే పోయినేటి షెడ్యూల్ ఒక్కటే కాదు, 2024 నాటి మొదటి షెడ్యూల్ కూడా జత చేయండి. మొదటి ఏడాది పీడీఎఫ్ దొరకకపోతే పాత కంపెనీకి ఈమెయిల్ రాసి తెప్పించుకోండి. ఈ పని ఆగస్టులోనే చేసుకోండి. ఇప్పటి షెడ్యూల్‌లో మీ పేరు ఎదురుగా ‘మొదటి పాలసీ తేదీ’ అనే గడి ఉంటుంది, కొన్నింట్లో ‘ఫస్ట్ ఇన్‌సెప్షన్ డేట్’ అనీ, కొన్నింట్లో ‘మెంబర్ సిన్స్’ అనీ రాస్తారు. అది మీకు 2024 నవంబర్ 10, ఆవిడకి 2025 నవంబర్ 10 అని ఉందేమో చూడండి. తప్పుంటే పోర్టింగ్ మొదలుపెట్టకముందే పాత కంపెనీ చేతనే ఎండార్స్‌మెంట్ అనే సవరణ పత్రం వేయించి సరిచేయించండి. తర్వాత సరిచేయించాలంటే రెండు కంపెనీల మధ్య తిరగాలి.

పేరులో ఇంటిపేరు ముందా వెనకా, పుట్టినతేదీ ఆధార్‌తో కలుస్తోందా అన్నవి కూడా ఒకసారి సరిచూడండి. మన పేర్లలో ఇంటిపేరు ఒక కంపెనీలో ముందూ ఇంకో కంపెనీలో వెనకా పడటం మామూలే. రికార్డు దొరకలేదని పోర్టింగ్ వెనక్కి పంపేది చాలాసార్లు ఇందుకే.

ప్రపోజల్ ఫారంలో ఏం రాయాలి

ఇక్కడ మొహమాటం వద్దండీ. షుగర్ రాయండి, వాడే మాత్రల పేర్లు రాయండి, ఈ మధ్య చేయించిన హెచ్‌బీఏ1సీ ఎంతుందో రాయండి. ఈ రెండేళ్ళలో కొత్తగా బీపీ గానీ థైరాయిడ్ గానీ బయటపడి ఉంటే అదీ రాయండి. ‘పాత పాలసీ తీసుకున్నాక వచ్చింది కదా, అది పాత జబ్బు ఎలా అవుతుంది’ అని అడిగేవాళ్ళున్నారు. కొత్త కంపెనీ వాళ్ళ పాలసీ మొదలయ్యే నాటికి ఉన్నది కాబట్టి దాన్ని పాత జబ్బుల జాబితాలో పెట్టే అవకాశం ఉంది. పెట్టినా మీ 24 నెలల క్రెడిట్ దానికీ వర్తించాలి. ఏ జబ్బుకు ఇంకా ఎన్ని నెలలు మిగిలిందని లెక్కవేస్తున్నారో ఒప్పుకునే ముందే ఈమెయిల్‌లో అడగండి.

దాచి పెడితే ఏమవుతుందో కూడా తెలియాలి. 60 నెలలు వరుసగా కవర్‌లో ఉన్నాక, మోసం రుజువైతే తప్ప, వివరాలు చెప్పలేదన్న కారణంతో క్లెయిమ్ కొట్టెయ్యకూడదు. దీన్ని మొరటోరియం అంటారు. పోర్ట్ చేసినా పాత కాలం ఇందులోనూ కలుస్తుంది. మీ 6 లక్షలకు అది 2029 నవంబర్‌లో పూర్తవుతుంది. పెంచిన 4 లక్షలకు మాత్రం 2031 దాకా పడుతుంది. ఈలోపు ఏ క్లెయిమ్ వచ్చినా పాత మందుల చీటీలన్నీ తిరగేసే హక్కు వాళ్ళకుంటుంది. పాత కంపెనీలో రాసిన జబ్బును కొత్త కంపెనీలో రాయకపోతే ఇంకా ప్రమాదం, రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టి చూస్తారు.

దరఖాస్తు పెట్టాక, పాలసీ చేతికి రాకముందు ఆసుపత్రిలో చేరాల్సొస్తే అదీ వెంటనే కొత్త కంపెనీకి తెలపండి. ఆ ఖర్చు పాత పాలసీ మీదే క్లెయిమ్ చేసుకోండి.

కాదంటే?

కాదనే హక్కు కొత్త కంపెనీకి ఉంది. పోర్టింగ్ అంటే దరఖాస్తు పెట్టే హక్కే, తప్పనిసరిగా తీసుకోవాలని రూల్ లేదు. షుగర్ అదుపులో లేకపోతేనో, ఇంకేదైనా తోడైతేనో తిరస్కరించవచ్చు, లేదా ప్రీమియం పెంచి తీసుకోవచ్చు. మీ వయసు రాయలేదు గానీ, మాత్రలతో అదుపులో ఉన్న షుగర్‌ని తీసుకునే కంపెనీలు చాలానే ఉన్నాయి. ఒకేసారి రెండు కంపెనీలకు పెట్టుకున్నా తప్పు లేదు.

తిరస్కరించినా మీ పాత పాలసీకి ఏమీ కాదు. జబ్బు ఉందనో, క్లెయిములు పెట్టారనో పాత కంపెనీ రెన్యువల్ ఆపకూడదు. అందుకే ఈ ఒక్కటి గట్టిగా పట్టుకోండి: కొత్త కంపెనీ నుంచి ‘పోర్ట్ ఒప్పుకున్నాం’ అని రాతపూర్వకంగా వచ్చేదాకా పాత పాలసీని వదలకండి. నవంబర్ మొదటి తేదీకల్లా రాలేదనుకోండి, ఇంక ఎదురుచూడకుండా పాతదే రెన్యువల్ చేసేయండి. వచ్చే ఏడాది మళ్ళీ ప్రయత్నించవచ్చు. పోయేది ఏమీ లేదు, గడిచిన కాలం ఇంకో ఏడాది పెరుగుతుంది. అప్పటికి మీ షుగర్‌కి 36 నెలలూ పూర్తయి ఉంటాయి కూడా.

ఏడాదికోసారి కట్టే పాలసీలకు 30 రోజుల గ్రేస్ ఉంది కదా, ఆగుదాం అనుకోవద్దు. ఆ గడువులో కడితే పాత కంపెనీలో కంటిన్యుటీ, అంటే మీరు గడిపిన కాలం లెక్క, నిలుస్తుంది గానీ, కట్టని ఆ మధ్య రోజుల్లో ఆసుపత్రిలో చేరితే కవర్ ఉండదు. పైగా గ్యాప్ వచ్చిన పాలసీని పోర్ట్‌గా తీసుకోవడానికి కొత్త కంపెనీలు వెనకాడతాయి. రెన్యువల్ దగ్గరపడి, ఒప్పుకోలు ఇవాళో రేపో అన్నట్టుంటే, ప్రొ-రేటా ప్రీమియంతో, అంటే ఆ రోజులకే లెక్కగట్టిన ప్రీమియంతో, పాత పాలసీని ఒక నెల పొడిగిస్తారేమో మీ బ్రాంచిలో అడిగి చూడండి.

దీనికి తిరగేసిన పొరపాటు ఇంకోటుంది. పోర్ట్ అయిపోయాక పాత కంపెనీ ఆటో డెబిట్ నడుస్తూనే ఉండి రెండు ప్రీమియంలూ కట్ అవుతాయి. ఒప్పుకోలు వచ్చిన రోజునే బ్యాంకులో ఆ మాండేట్ తీసేయించండి, అంతకుముందు మాత్రం తీయకండి.

డబ్బు కట్టే ముందు ఒక ఈమెయిల్

కొత్త కంపెనీ ఒప్పుకుందని ఫోన్ వచ్చాక చాలామంది వెంటనే లింకు నొక్కి కట్టేస్తారు. నేను మాత్రం నా దగ్గరికొచ్చే ప్రతివాళ్ళ చేతా ముందు ఒక ఈమెయిల్ రాయిస్తాను. మీకైతే అది ఇలా ఉంటుంది:

‘నా దరఖాస్తును పోర్టబిలిటీ కింద తీసుకున్నారని ధ్రువీకరించండి. నాకు 2024 నవంబర్ 10 నుంచి, నా భార్యకు 2025 నవంబర్ 10 నుంచి కంటిన్యుటీ ఇస్తున్నారా? ఎంత మొత్తం వరకు? షుగర్‌కి ఇంకా ఎన్ని నెలల వెయిటింగ్ మిగులుతుంది? జబ్బుల జాబితాకున్న 24 నెలల వెయిటింగ్ నాకు పూర్తయినట్టేనా?’

నాలుగు ప్రశ్నలకూ జవాబు ఈమెయిల్‌లోనే రావాలి. ఫోన్‌లో ‘ఔను సార్, అన్నీ వస్తాయి’ అన్నది లెక్కలోకి రాదు. జవాబు వచ్చాకే కట్టండి. ఇంత పట్టుబట్టడానికి కారణముంది. కొత్తగా తీసుకున్న పాలసీ నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కి ఇచ్చే ఫ్రీ లుక్ సౌకర్యం ఉంటుంది గానీ, చాలా పాలసీల నిబంధనల్లో అది పోర్ట్ అయినవాటికి వర్తించదని రాసి ఉంటుంది. ఒకవేళ వెనక్కి తీసుకున్నా, అప్పటికి మీ పాత పాలసీ ముగిసిపోయి ఉంటుంది. అంటే చూసుకోవాల్సిందంతా కట్టకముందే చూసుకోవాలి.

పాలసీ పీడీఎఫ్ వచ్చిన రోజునే షెడ్యూల్ తెరిచి చూడండి. పాలసీ రకం ‘పోర్టబిలిటీ’ అని ఉండాలి. మునుపటి కంపెనీ పేరు, పాత పాలసీ నంబరు ఉండాలి. ఇద్దరి పేర్ల ఎదుటా ఆ రెండు తేదీలు, కంటిన్యుటీ మొత్తం దగ్గర 6 లక్షలు, పాత జబ్బుల గడిలో షుగర్ ఉండాలి. షుగర్ గడి ఖాళీగా ఉంటే సంబరపడకండి. మీరు చెప్పింది వాళ్ళు ఎక్కించలేదని అర్థం, రేపు ‘చెప్పలేదు’ అనడానికి అదే ఆధారం అవుతుంది. దాన్నీ రాయించుకోండి.

ఒకావిడ ఫైలులో ఇలాగే బోనస్ మొత్తం వదిలేసి 5 లక్షలకే కంటిన్యుటీ వేశారు. ఒప్పుకోలు ఈమెయిల్‌లో ‘ఆరున్నర లక్షలు’ అని స్పష్టంగా ఉంది. దాన్ని జతచేసి రాస్తే పది రోజుల్లో సరిచేసిన షెడ్యూల్ పంపారు. ఆ ఈమెయిల్ లేకపోతే నెలలు పట్టేది.

సరిచేయకపోతే కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాయండి. అక్కడ తేలకపోతే ఐఆర్‌డీఏఐ వాళ్ళ బీమా భరోసా పోర్టల్‌లో (bimabharosa.irdai.gov.in) ఫిర్యాదు పెట్టండి, 155255కి ఫోన్ చేసి కూడా చెప్పవచ్చు. కంపెనీ నెల రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు మీకు నచ్చకపోయినా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళవచ్చు. మన రెండు రాష్ట్రాలకీ ఆ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది, ఖర్చు లేదు, లాయరు అక్కర్లేదు. అన్ని చోట్లా వాళ్ళు అడిగేది ఆ ఈమెయిలూ, పోర్టబిలిటీ ఫారం కాపీ, మొదటి ఏడాది షెడ్యూలే.

చివరగా, మీ అసలు ఇబ్బంది నెట్‌వర్క్ ఆసుపత్రి గురించి. కొత్త కంపెనీ వెబ్‌సైట్‌లో మీ ఊరి ఆసుపత్రి పేరు కనిపించినా, ఒకసారి ఆ ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్క్‌కి వెళ్ళి ‘ఈ కంపెనీ క్యాష్‌లెస్ ఇప్పుడు నడుస్తోందా’ అని అడగండి. జాబితాలో ఉండి, రేట్ల గొడవతో ఆపేసినవి నేను చూశాను. సెప్టెంబర్ 11కి ముందే ఆ పని చేసుకోండి. మొదటి షెడ్యూల్ దొరికాక అందులో మీ తేదీ ఎలా ఉందో ఇక్కడ రాయండి (పాలసీ నంబరు, ఫోన్ నంబరు పెట్టకండి), ఎండార్స్‌మెంట్ అవసరమో కాదో చూసి చెబుతాను.